నాన్న వీడియోలో పెట్టని కాగితం

నాన్న సంవత్సరీకానికి హాల్లో వేయడానికి ఒక వీడియో చేద్దామన్నది తమ్ముడి ఆలోచన. పది నిమిషాలు దాటకూడదన్నాడు. భోజనాలకు ముందు జనం అంతకంటే ఎక్కువసేపు తెర వైపు చూడరట. ఒక్కరే ఉన్న ఫొటో ఐదు సెకన్లు ఉంటే చాలు, గ్రూప్ ఫొటో అయితే ఎనిమిది సెకన్లు ఉంచాలి, ఎందుకంటే చూసేవాళ్లు ముందు తమ ముఖం వెతుక్కుని, తర్వాతే నాన్న ముఖం చూస్తారు. వాడు చెప్పింది నిజమే. అలా లెక్క వేస్తే ఎనభై రెండేళ్ల మనిషికి మేము ఇవ్వగలిగింది ఓ డెబ్బై ఫొటోలు, రెండు మూడు వీడియో ముక్కలు. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అన్న దగ్గర మా ఇద్దరికీ పడలేదు.

నాకూ తమ్ముడికీ తొమ్మిదేళ్ల తేడా. వాడికి ఊహ తెలిసేసరికి నాన్న పెద్ద రైల్వే స్టేషన్లలో స్టేషన్ మాస్టరుగా పనిచేస్తున్నారు. ఇస్త్రీ చేసిన తెల్ల యూనిఫాం, ప్లాట్‌ఫాం మీద నమస్కారాలు, సెలవుల్లో పాస్ మీద ప్రయాణాలు. నాకు తెలిసిన నాన్న వేరు. గిద్దలూరు, నంద్యాల మధ్య నల్లమల అడవిలో మీటర్ గేజి మీద ఒక చిన్న స్టేషన్. కరెంటు లేదు. పన్నెండు గంటల డ్యూటీ. పక్కపక్కనే రెండు క్వార్టర్లు, ఒకటి మాది, ఒకటి పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ మామయ్య వాళ్లది. మాకు చుట్టరికం ఏమీ లేదు. అడవిలో ఇంకెవరూ లేక ఆయన మామయ్య, ఆవిడ అత్త అయ్యారు.

ఆ రోజులవి మా దగ్గర ఉన్నవి మూడే ఫొటోలు. ఒకటి ఫ్రేములోని అద్దానికి అతుక్కుపోయింది. అలాంటిదాన్ని పీకకూడదు, పీకితే ముఖం అద్దం మీదే ఉండిపోతుంది. తమ్ముడు ఫ్రేమును కిటికీ పక్కన పెట్టి, వెలుతురు ఒక పక్క నుంచి పడేలా చూసుకుని, తన వెనక నల్ల దుప్పటి కట్టి, అద్దం మీదుగానే ఫొటో తీశాడు. వెనక నలుపు ఉంటే అద్దంలో మన నీడ పడదట. జిగురు పేజీల ఆల్బంలో ఇరుక్కున్నవాటిని సన్నటి దారం కిందికి పోనిచ్చి, రంపం లాగినట్టు మెల్లగా విడదీశాడు. ఇంత ఓపిక ఉన్నవాడితో గొడవ పడటం నాకు కష్టంగానే ఉండింది.

గొడవ మొదలైంది ట్రంకుపెట్టె అడుగున దొరికిన కాగితంతో. ఇంగ్లీషులో టైపు చేసిన ప్రశంసాపత్రం. 1974 మేలో జరిగిన సమ్మె సమయంలో విధేయతతో విధులు నిర్వహించినందుకు అభినందనలు అని ఉంది. కింద సంతకం, ముద్ర. తమ్ముడి ముఖం వెలిగిపోయింది. "అక్కా, ఇది చూడు, నాన్నకు అవార్డు వచ్చిందా? మనకు ఎప్పుడూ చెప్పలేదే!" అంటూ అప్పటికప్పుడు స్కాన్ చేసి, యూనిఫాం ఫొటో పక్కన తెర సగం నిండేలా పెట్టేశాడు.

నేను వద్దన్నాను.

ఎందుకో చెప్పాలంటే ఆ సమ్మె గురించి కొంచెం చెప్పాలి. 1974 మే 8 నుంచి 27 వరకు, ఇరవై రోజులు, దేశమంతా లక్షల మంది రైల్వే కార్మికులు పని ఆపారు. బోనస్ కావాలని, పని గంటలు ఎనిమిదికి తగ్గించాలని, జీతాలు పెంచాలని అడిగారు. వేల మందిని అరెస్టు చేశారు. చాలామంది ఉద్యోగాలు పోయాయి, కుటుంబాలను క్వార్టర్ల నుంచి ఖాళీ చేయించారు. సమ్మెలో దిగకుండా పనిచేసినవాళ్లకు మాత్రం అదనపు ఇంక్రిమెంట్ల లాంటివి ఇచ్చారు. ఆ కాగితం అలాంటిది. పన్నెండు గంటల డ్యూటీ చేస్తున్న మా నాన్న, ఎనిమిది గంటల కోసం జరిగిన సమ్మెలో దిగలేదు. పాయింట్స్‌మన్ మామయ్య దిగాడు. మా స్టేషన్‌లో రెండో స్టేషన్ మాస్టర్ కూడా దిగారు.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. బళ్లు చాలా తగ్గిపోయాయి కానీ పూర్తిగా ఆగలేదు, పగలో రాత్రో ఒక గూడ్సు వచ్చేది. అన్నీ నాన్న ఒక్కరే చూసుకోవాలి. సింగిల్ లైను మీద రెండు బళ్లు ఎదురుపడకుండా ఉండేందుకు స్టేషన్ గదిలో టోకెన్ మిషన్లు ఉండేవి, అటువైపు స్టేషన్‌కు ఒకటి, ఇటువైపుకు ఒకటి. అవతలి స్టేషన్ మాస్టర్ గంట కొట్టి లైన్ క్లియర్ ఇస్తేనే ఇక్కడ హ్యాండిల్ తిరిగేది, తిరిగితే ఒక బంతి దొర్లి బయటికొచ్చేది. అరచేతిలో పట్టేంత ఇనప బంతి, దాని మీద ఆ సెక్షన్ పేరు చెక్కి ఉండేది. అది డ్రైవర్ చేతికి అందితేనే బండి ముందుకు పోవాలి. ఆ బంతి అవతలి స్టేషన్ చేరి అక్కడి మిషన్‌లో పడేదాకా ఈ రెండు మిషన్లలో ఏదీ ఇంకో బంతిని వదలదు. బంతిని తోలుసంచిలో పెట్టి, సంచికి తగిలించిన పెద్ద బెత్తపు వలయాన్ని పాయింట్స్‌మన్ ఎత్తి పట్టుకుంటే, కదిలే ఇంజన్ మీద నుంచి డ్రైవర్ చేతిని అందులోకి దూర్చి లాక్కునేవాడు. ఆ ఇరవై రోజులూ వలయం పట్టుకుని నిలబడింది నాన్నే. బరువైన లివర్లు లాగిందీ, పాయింట్లకు తాళం వేసిందీ నాన్నే.

సాయంత్రమైతే సిగ్నల్ దీపాలు వెలిగించాలి. కిరోసిన్ దీపాలు. స్తంభానికి ఉన్న ఇనప నిచ్చెన ఎక్కి దీపాన్ని పైన అమర్చాలి. అది నాన్నకు చేతకాని పని, ఎప్పుడూ మామయ్యే చేసేవాడు. మొదటి సాయంత్రం నాన్న వరండాలో కూర్చుని దీపాలు తుడిచి వత్తులు సరిచేస్తున్నారు, నేను కిరోసిన్ డబ్బా పట్టుకుని పక్కన నిలబడ్డాను. వత్తి పొగ చిమ్ముతోంది, అద్దం మసిబారుతోంది. రెండుసార్లు ఆర్పి మళ్లీ వెలిగించారు. పక్క క్వార్టర్ గుమ్మంలో అత్త చంకలో పిల్లాడితో నిలబడి చాలాసేపు చూసింది. ఆమె భర్తను అంతకు ముందురోజే పోలీసులు తీసుకెళ్లారు. చివరికి అక్కడి నుంచే అంది, "బాబుగారూ, వత్తి కొంచెం కిందికి దించండి. చివర అడ్డంగా కాకుండా మూలలు కత్తిరించండి. మా ఆయన అట్లనే చేస్తాడు."

నాన్న తలెత్తలేదు. మూలలు కత్తిరించారు. వత్తి నిలబడింది.

కొన్ని రోజులకు వాళ్ల సామాను వరండాలోకి వచ్చింది. ఇత్తడి బిందె, ట్రంకుపెట్టె, తిరగలి, నవారు మంచం. ఖాళీ చేయించడానికి వచ్చినవాళ్లు లారీ తెచ్చారు. అమ్మ తలుపు చాటున నిలబడింది, బయటికి రాలేదు. నాన్న స్టేషన్ గదిలో ఉన్నారు. ఆ గది కిటికీలోంచి మా వరండా కనబడుతుంది.

ఇదంతా చెప్పాక తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సరే, సర్టిఫికెట్ తీసేద్దాం" అన్నాడు. నా బాధ అది కాదు. తీసేయడం కూడా నాకు ఇష్టం లేదు. పెడితే మొత్తం పెట్టాలి, దీపం సంగతి, అత్త సంగతి, లారీ సంగతి. నాన్న జీవితంలో ఆయన్ని అన్నిటికంటే ఎక్కువ వెంటాడిన ఇరవై రోజులు అవే అని నా నమ్మకం. అవి లేకుండా చేసే వీడియోలో ఉండేది నాన్న యూనిఫామే గానీ నాన్న కాదన్నాను.

"అక్కా, వచ్చినవాళ్లు దండ వేసి, అన్నం తిని వెళ్దామని వస్తారు. వాళ్ల ముందు నాన్నను బోనులో నిలబెడతావా?" అన్నాడు. ఆ మాటకు నేను జవాబు వెతుక్కుంటుండగానే ఇంకోటి అన్నాడు. "ఆయన యాభై ఏళ్లలో ఒక్కసారి కూడా నాతో ఈ మాట ఎత్తలేదు. ఎత్తకూడదనే కదా అనుకున్నారు? ఆయన దాచుకున్నదాన్ని తెర మీద వేయడానికి మనం ఎవరం?"

ఇది బలమైన మాట, ఇప్పటికీ బలమైన మాటే అనుకుంటాను. కానీ ఆయన ఆ కాగితాన్ని చింపేయలేదు కూడా. చింపడానికి యాభై ఏళ్ల టైం ఉంది, ఎన్నో బదిలీలయ్యాయి, ప్రతి బదిలీకీ ట్రంకుపెట్టె ఖాళీ చేసి సర్దుకున్నారు. గోడకు తగిలించలేదు, పారేయలేదు. నేను అదే అన్నాను.

అమ్మను అడిగాం. అమ్మకు వినికిడి తగ్గింది గానీ జ్ఞాపకం తగ్గలేదు. "ఎందుకు దిగలేదంటే ఏం చెప్పను? నువ్వు మూడో నెల కడుపులో ఉన్నావు" అంది తమ్ముడి వైపు చూసి. "ఇల్లు ఖాళీ చేయమంటే ఎక్కడికి పోతాం అని నేను రెండు రాత్రులు ఏడ్చాను. అందుకేనని నేననుకుంటా. ఆయన మాత్రం ఎప్పుడూ అలా చెప్పలేదు. నా మీద పెట్టలేదు." కాసేపాగి, "బోనస్ వచ్చిన రోజు మాత్రం ఆయనతో వేగలేకపోయేదాన్ని" అంది.

తమ్ముడు ఒక్కసారిగా అమ్మ వైపు తిరిగాడు.

రైల్వేవాళ్లకు బోనస్ 1979లో మొదలైంది. సమ్మెలో అడిగి ఓడిపోయిన బోనస్సే అది. ఏటా దసరా ముందు అందరికీ వచ్చేది, సమ్మె చేసినవాళ్లకీ చేయనివాళ్లకీ. తమ్ముడికి ఆ రోజులు బాగా గుర్తు. కొత్త బట్టలు కొనే రోజది. ఆ రోజే నాన్న అకారణంగా చిరాకు పడేవారు. చొక్కా రంగు నచ్చలేదని వాడు మారాం చేస్తే ఒకసారి షాపులోనే చెంప మీద కొట్టారు. నాన్న వాడిని కొట్టింది ఆ ఒక్కసారే. ఆ దెబ్బకు కారణం వాడికి ఎప్పటికీ అర్థం కాలేదు. నేను ఆ రోజుల్లో ఇంట్లో లేను, ఆ చిరాకు నేను చూడలేదు. వాడి దగ్గర దెబ్బ ఉంది, కారణం లేదు. నా దగ్గర కారణం ఉంది, అది అన్నేళ్ల తర్వాత కూడా ఆయన్ని వదల్లేదని తెలియదు. అమ్మ ఎదురుగా కూర్చుని ఆ పూట మేమిద్దరం దాని గురించే మాట్లాడుకున్నాం. వీడియో పని ముట్టుకోలేదు.

మర్నాడు క్యాసెట్టు వచ్చింది. 2002లో నాన్న రిటైర్మెంట్ సభ వీహెచ్ఎస్ క్యాసెట్టు. దాన్ని కొన్ని రోజుల ముందే ఊళ్లో స్టూడియో అతనికి ఇచ్చాం. టేపు మీద తెల్లటి బూజు పట్టి ఉంది. అలాగే ప్లేయర్‌లో పెడితే బూజు హెడ్‌కు అంటుకుని బొమ్మ రాదు, తర్వాత పెట్టే క్యాసెట్టుకూ అంటుకుంటుంది. అతను పైపెట్టె విప్పి, టేపంతా తుడిచి, వేరే పెట్టెలో ఎక్కించి అప్పుడు వేశాడు. రెండు గంటల క్యాసెట్టు రెండు గంటలూ ఆడాల్సిందే, కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి దగ్గరదారి లేదు. బొమ్మ బాగానే వచ్చింది. మాట మాత్రం రాలేదు. అప్పట్లో వీడియో తీసినవాళ్లు మొత్తం సభ మీద సినిమా పాటలు వేసి ఇచ్చేవారు. అసలు మాటలు పాట కింద ఉండవు, చెరిపేసి వాటి స్థానంలో పాట ఎక్కించారు. నాన్న మైకు ముందు నిలబడి ఏదో చెబుతుంటే ఎవరో ప్రేమగీతం పాడుతున్నారు.

గంట దాటాక ఒక చోట దండలు వేసేవాళ్ల వరుసలో ముసలాయన ఒకరు వచ్చారు. ఖద్దరు చొక్కా, చేతిలో చిన్న బంతిపూల దండ. నేను పోల్చుకునేలోపే అమ్మ, "అయ్యో, పాయింట్స్‌మన్ అన్నయ్య" అంది. 1977లో ప్రభుత్వం మారాక సమ్మెలో తీసేసినవాళ్లను మళ్లీ తీసుకున్నారు, ఆయన్నీ తీసుకున్నారు, ఆయన వేరే స్టేషన్‌లో చేసి రిటైరయ్యారని విన్నాను. ఈ సభకు వచ్చారని నాకు తెలియదు. ఆయన దండ వేస్తారు. నాన్న ఆయన రెండు చేతులూ పట్టుకుంటారు, వదలరు. వెనక వరుసలో వాళ్లు ఆగిపోతారు. నాన్న వంగి ఆయన చెవిలో ఏదో చెబుతారు. ఆయన తల అడ్డంగా ఊపుతారు. నాన్న మళ్లీ ఏదో చెబుతారు. ఆయన ఈసారి నాన్న భుజం మీద తట్టి, పక్కకు తప్పుకుని వెళ్లిపోతారు. నలభై సెకన్లు. పాట సాగుతూనే ఉంది.

ఏమన్నారో తెలుసుకునే దారి లేదు. తమ్ముడు ఆ ముక్కను మెల్లగా తిప్పి తిప్పి చూశాడు. పెదవుల కదలిక చదువుదామంటే నాన్న ముఖం కెమెరాకు పక్కగా ఉంది.

మామయ్య, అత్త ఇద్దరూ ఇప్పుడు లేరు. వాళ్లబ్బాయి, ఆ రోజు చంకలో ఉన్న పిల్లాడు, మార్కాపురం వైపు ఉంటున్నాడు. సంవత్సరీకానికి పిలవాలి ఎలాగూ. నేనే ఫోన్ చేసి, దాచకుండా, మేము ఇలా ఇలా అనుకుంటున్నాం, మీ నాన్న సంగతి, మీ అమ్మ చెప్పిన వత్తి మాట కూడా చెప్పాలనుకుంటున్నాను, నీకేమైనా అభ్యంతరమా అని అడిగాను. అతను సమ్మె గురించి ఏమీ అనలేదు. మా నాన్నను మెచ్చుకోలేదు, తప్పు పట్టలేదు. "మా నాయన వీడియోలో కనబడతాడా అక్కా? నడుస్తా, మాట్లాడతా?" అని అడిగాడు. వాళ్ల దగ్గర ఉన్నవి ఆధార్ కార్డు మీది ఫొటో, కొడుకు పెళ్లిలో తీసిన ఫొటో మాత్రమేనట. తండ్రి కదలడం చూసి చాలా ఏళ్లయిందన్నాడు.

ఫోన్ స్పీకర్‌లో ఉంది. తమ్ముడు విన్నాడు.

ఆ నలభై సెకన్లూ మొత్తం వీడియోలో ఉండాలని ఇద్దరం ఒప్పుకున్నాం, పాట తీసేసి, మాట లేకుండా. దానికి ముందు సమ్మె సంగతి నా గొంతుతో ఒక నిమిషం. నిదానంగా చదివితే నిమిషానికి వంద మాటలకు మించి పట్టవు. అందుకని రాసినదాన్ని కోసి కోసి వంద మాటలకు తెచ్చాను. పడకగదిలో ఫ్యాన్ ఆపి, గోడలకు దుప్పట్లు వేలాడదీసి, ఫోన్ నోటికి జానెడు దూరంలో పెట్టుకుని చదివాను. తెర మీద ఆ నిమిషమంతా అద్దానికి అతుక్కున్న ఫొటో ఒక్కటే, కదలకుండా. తమ్ముడు రెండు విషయాల్లో గట్టిగా నిలబడ్డాడు. లారీ మాట తీసేయాలన్నాడు, సర్టిఫికెట్ తెర మీద ఉండకూడదన్నాడు. లారీ మాట వాళ్లబ్బాయి తన పిల్లల పక్కన కూర్చుని అంతమందిలో వినాలా అని అడిగాడు. అది నాకు సబబుగా తోచింది, తీసేశాను. సర్టిఫికెట్ విషయంలో నేను ఒప్పుకోలేదు, కానీ వీడియో వాడి కంప్యూటర్‌లో ఉంది. వాడు పెట్టలేదు.

హాల్లో ఆ నిమిషం నడిచినప్పుడు వెనక వరుసల్లో మాటలు ఆగలేదు, చాలామందికి ఏమిటో అర్థమై ఉండదు, తమ్ముడు ముందే చెప్పినట్టు. మొదటి వరుసలో ఇద్దరు ముసలి రైల్వేవాళ్లు మాత్రం ఒకరి వైపు ఒకరు చూసుకున్నారు. నలభై సెకన్ల ముక్క రాగానే వాళ్లబ్బాయి లేచి తెర దగ్గరికి వెళ్లి తన ఫోన్‌లో రికార్డు చేసుకోబోయాడు. తమ్ముడు వెళ్లి అతని చెయ్యి పట్టుకుని ఆపాడు, తెర నుంచి తీస్తే చారలు పడతాయి, అసలుదే పంపిస్తానని. అక్కడే నిలబడి పంపించాడు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత తగ్గిపోతుందని డాక్యుమెంట్‌గా పంపించాడు. అతను వెళ్లేటప్పుడు అమ్మ కాళ్లకు దండం పెట్టి, మళ్లీ వస్తానని చెప్పి వెళ్లాడు.

ఆ కాగితం ఇప్పుడు నా దగ్గర ఉంది, ప్లాస్టిక్ కవర్లో. దాన్ని వాళ్లబ్బాయికి చూపించాలని నేనంటాను. ఏం సాధిద్దామని అక్కా అంటాడు తమ్ముడు. పండక్కి వచ్చినప్పుడు మాట్లాడదామన్నాడు.